ఏ ట్యాంకు అమ్మమో చెప్పే వాక్యం: కావలి తీరంలోని ఒక రొయ్య పిల్లల హేచరీ లక్ష్య ప్రకటనను తిరగరాసిన తీరు

ఈ కేసులోని కంపెనీ కావలికి తూర్పున సముద్రపు ఒడ్డున రెండు యూనిట్లు నడుపుతున్న, వనామి రకం రొయ్య పిల్లను తయారుచేసే ఒక హేచరీ. యజమానులు ఇద్దరు అన్నదమ్ములు, వారితో పాటు ఇటీవలే వ్యాపారంలోకి వచ్చిన పెద్దాయన కుమారుడు. వీరి పిల్ల ఎక్కువగా అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల చెరువులకు, కందలేరు క్రీక్ చుట్టుపక్కల చెరువులకు వెళుతుంది. అమ్మకం చాలావరకు డీలర్ల ద్వారా, కొంత నేరుగా రైతుకు జరుగుతుంది.

ఆఫీసు గోడ మీద, బిల్లు పుస్తకం వెనక అట్ట మీద అప్పటివరకు ఉన్న ప్రకటన ఇది: "నాణ్యత, నమ్మకం, నవ్యత పునాదులుగా, రైతు సంతృప్తే ధ్యేయంగా, అంతర్జాతీయ ప్రమాణాలతో దేశంలోనే అగ్రగామి హేచరీగా ఎదగడమే మా లక్ష్యం." దాని కింద ఐదు విలువలు ఒక్కొక్క మాటగా ఉండేవి: నిజాయితీ, నాణ్యత, జట్టుతత్వం, రైతు సేవ, నిరంతర అభివృద్ధి.

దీన్ని మార్చాలన్న ఆలోచన అందం కోసం పుట్టలేదు, ఒక తగాదా నుంచి పుట్టింది. సీజను ముమ్మరంగా ఉన్న రోజుల్లో, దాదాపు ఒకే సమయంలో, రెండు యూనిట్లలోనూ ఒక్కొక్క ట్యాంకుకు పీసీఆర్ పరీక్షలో రొయ్య ఎదుగుదలను దెబ్బతీసే పరాన్నజీవి ఈహెచ్‌పీ స్వల్పంగా కనబడింది. మొదటి యూనిట్ మేనేజరు ట్యాంకును క్లోరినేషన్ చేయించి పారబోయించారు. రెండవ యూనిట్ మేనేజరు విషయం డీలరుకు చెప్పి, ధర తగ్గించి అమ్మారు. డీలరు ఆ మాట రైతుకు చెప్పలేదు. తరువాత యజమానులు ఇద్దరినీ కూర్చోబెట్టి అడిగితే, ఇద్దరూ తమ పనికి ఆధారంగా చూపించింది ఒకే వాక్యాన్ని, అంటే రైతు సంతృప్తిని. మొదటి ఆయన వాదన ప్రకారం, జబ్బు పిల్ల అంటగట్టడం రైతుకు ద్రోహం. రెండవ ఆయన వాదన ప్రకారం, నీళ్లు పెట్టి, ప్లాంక్టన్ తెప్పించి సిద్ధంగా ఉన్న చెరువుకు ఆ వారంలో పిల్ల అందకపోతే నష్టపోయేది రైతే, పైగా డీలరుకు నిజం చెప్పే అమ్మాం కదా. గోడ మీది ప్రకటన ఇద్దరినీ సమర్థించింది. ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధమైన రెండు నిర్ణయాలకు సమానంగా అండగా నిలిచే ప్రకటన ఏ నిర్ణయానికీ పనికిరాదని పెద్దాయన అక్కడే గ్రహించారు. ఆ ప్రకటనను వారితో కలిసి తిరగరాసే నా పని అక్కడి నుంచే మొదలైంది.

ఈ వ్యాపారం తెలియని వారి కోసం ఆ ఒత్తిడి ఎంతటిదో కొంచెం చెప్పాలి. గుడ్డు నుంచి బయటికి వచ్చిన నాప్లీ దశ నుంచి అమ్మకానికి తయారయ్యే పీఎల్ 10 దశకు రావడానికి సుమారు మూడు వారాలు పడుతుంది. మధ్యలోని జోయియా, మైసిస్ దశలు దాటించడానికి మేతగా ఆల్గే, ఆర్టీమియా, ఇంకా కరెంటు, రాత్రింబవళ్లు మనుషులు, అన్నీ ఖర్చయిన తరువాతే అమ్మకానికి ముందు జరిపే చివరి పరీక్ష వస్తుంది. అంటే, పారబోయాలన్న నిర్ణయం తీసుకోవలసిన గడియకు ఆ ట్యాంకు మీద పెట్టవలసిన డబ్బంతా పెట్టేసి ఉంటారు, బయట వ్యాను ఎదురుచూస్తూ ఉంటుంది. పైగా ఈహెచ్‌పీ తెల్లమచ్చ వైరస్ లాంటిది కాదు. తెల్లమచ్చ వస్తే రోజుల్లో చెరువు పోతుంది, అందరికీ తెలుస్తుంది. ఈహెచ్‌పీ సోకిన రొయ్య సాధారణంగా చావదు, కానీ ఎదగదు. నెల దాటాక సైజుల్లో తేడా కనబడుతుంది, మేత తింటుంది గాని కిలోకు ఇన్ని అన్న కౌంటు రాదు. అప్పటికి అది పిల్లతో వచ్చిందో, పాత చెరువు మట్టిలోనే ఉందో ఖాయంగా చెప్పడం కష్టం. కాబట్టి అమ్మినవాడికి ఆ అమ్మకం తిరిగి వచ్చి తగిలే అవకాశం తక్కువ. విలువల ప్రకటన నిజంగా అవసరమయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే, ఎందుకంటే తప్పు చేసినా బయటపడదన్న ధైర్యం ఇక్కడ ఉంటుంది.

పాత ప్రకటనను ఎలా పరీక్షించాం

మొదట యజమానులతో రెండు చిన్న పరీక్షలు చేయించాను. పాత ప్రకటనలో "హేచరీ" అన్న మాట తీసేసి అక్కడ మేత కంపెనీ అని, ఆ తరువాత ఆసుపత్రి అని, ఆపైన రైసు మిల్లు అని పెట్టి చదివించాను. రైతు అన్న చోట రోగి, వినియోగదారు అని మారిస్తే చాలు, ప్రతిసారీ వాక్యం చక్కగా అతికింది. రెండవది, ప్రతి విలువకూ వ్యతిరేకాన్ని రాయించాను. "మేము నాణ్యత లేని పిల్ల అమ్ముతాము", "మేము నిజాయితీగా ఉండము" అని ఏ కంపెనీ అయినా ప్రకటించుకుంటుందా? ఎవరూ వ్యతిరేకాన్ని ఎంచుకోలేని చోట, దాన్ని ఎంచుకున్నామని చెప్పడంలో సమాచారం ఉండదు. దీనికి భిన్నంగా "పాజిటివ్ వచ్చిన ట్యాంకును డిస్కౌంటు మీద కూడా అమ్మము" అన్న వాక్యానికి వ్యతిరేకం ఉంది. దాన్ని పాటించే వ్యాపారులూ ఉన్నారు, వారికి వారి కారణాలూ ఉన్నాయి. అలాంటి వాక్యాలే మాకు కావాలి.

ఈ దశలో చాలా కంపెనీలు చేసే పని ఏమిటంటే, పెద్దలందరినీ ఒక హోటలు గదిలో కూర్చోబెట్టి, బోర్డు మీద మంచి మాటలు రాయించి, ఓట్లు వేయించడం. దాని వల్ల మళ్లీ ఐదు మంచి మాటలే వస్తాయి, ఎందుకంటే గదిలో ఎవరికీ ఏదీ నష్టం కాదు. నేను విశేషణాలు అడగకుండా సంఘటనలు అడిగాను. అడిగిన ప్రశ్నలు రెండే: "ఈ కంపెనీ డబ్బు పోతుందని తెలిసి కూడా చేసిన పని ఏది?", "చేసి ఉంటే డబ్బు వచ్చేది, అయినా చేయని పని ఏది?" యజమానులను, మేనేజర్లను, టెక్నీషియన్లను, ప్యాకింగ్ షెడ్డులో పనిచేసే మహిళలను, వ్యాను డ్రైవర్లను వేర్వేరుగా అడిగాను. ఒకే గదిలో అడిగితే పెద్దాయన చెప్పిందే అందరి జవాబు అవుతుంది. చెప్పిన ప్రతి సంఘటనకూ ఏదో ఒక కాగితం, అంటే ట్యాంకు రిజిస్టరో, పరీక్ష రిపోర్టో, బిల్లో, డ్రైవరు ట్రిప్ షీటో దొరుకుతుందేమో చూశాం. కాగితం దొరకని కథలను పక్కన పెట్టాం, అబద్ధాలని కాదు, ఏళ్ల తరబడి చెప్పుకునే కథలకు మెరుగు ఎక్కువవుతుంది కాబట్టి.

అందరికంటే ఉపయోగపడే మాట ప్యాకింగ్ షెడ్డులో వినిపించింది. అక్కడ చాలా కాలంగా పనిచేస్తున్న ఒకామె ఇలా అన్నారు: "మా దగ్గర కవర్లో లెక్క ఎప్పుడూ తగ్గదు సార్. కానీ ఉప్పు సంగతి ఎవరూ అడగరు. రైతు చెరువు నీళ్లలో ఎంతుందో తెలియకుండానే కట్టేస్తాం." యజమానులెవరూ ఈ విషయం ఎత్తలేదు. హేచరీలో నీరు సముద్రపు ఉప్పదనానికి దగ్గరగా, లీటరుకు 30 గ్రాములకు కాస్త అటూఇటూగా ఉంటుంది. బోరు నీరు కలిపే లోపలి చెరువుల్లో అది ఐదుకో, అంతకు దిగువకో పడిపోతుంది. పిల్ల ఉన్న నీటిలో ఉప్పదనాన్ని హేచరీలోనే కొన్ని రోజుల పాటు మెల్లగా తగ్గించుకుంటూ రావాలి. ఆ పని తొందరగా ముగిస్తే, వ్యాను దిగేటప్పుడు పిల్ల బాగానే కనబడినా, రెండు మూడు రోజుల్లో చెరువు అడుగున చచ్చిపడుతుంది. లెక్క తగ్గించకపోవడం గురించి గర్వంగా చెప్పుకునే సంస్థ, ఆ లెక్క చెరువులో బతికే పరిస్థితిని గురించి మౌనంగా ఉందన్న సంగతి ఆ ఒక్క మాటతో బయటపడింది.

సేకరించిన సంఘటనలను వేరు చేసేటప్పుడు ఒక కొలమానం ఖచ్చితంగా పాటించాం. చట్టం ఎలాగూ చేయమని చెప్పిన దాన్ని విలువగా రాసుకోకూడదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు వంటి యాంటీబయాటిక్స్ వాడబోమని రాయాలని చిన్నాయన గట్టిగా కోరారు. కానీ కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనల ప్రకారం అవి నిషిద్ధాలు. విదేశీ తల్లి రొయ్యలను అనుమతి పొందిన సరఫరాదారుల నుంచే, చెన్నై క్వారంటైన్ కేంద్రం ద్వారానే తెస్తామన్నది కూడా అంతే, 2009లో దేశంలోకి వనామిని అనుమతించినప్పటి నుంచి అది లైసెన్సుకు షరతు. ఇటువంటివి అమలు చేయవలసిన నియమాలు. వాటికి స్థానం పని పద్ధతుల పుస్తకంలో ఉంటుంది. విలువగా రాస్తే, "చట్టం పాటించడమే మా గొప్ప" అని ఒప్పుకున్నట్టవుతుంది, రైతుకు లేని అనుమానం కొత్తగా పుడుతుంది.

లక్ష్య వాక్యం

లక్ష్య వాక్యం విషయంలో అసలు పోరు "దేశంలోనే అగ్రగామి" అన్న మాట మీద జరిగింది. కుమారుడికి దాన్ని వదులుకోవడం ఇష్టం లేదు, ఆ వయసులో ఉండవలసిన కోరికే అది. అయితే లక్ష్య ప్రకటన చెప్పవలసింది ఎవరికి, ఏమి, ఏ పరిస్థితుల్లో చేస్తామన్నది. ఎంత పెద్దగా ఎదుగుతామన్నది వ్యాపార ప్రణాళికలో అంకెలతో, గడువుతో ఉండాలి. ఆ కోరికను అక్కడికి మార్చాం, తీసివేయలేదు. అలా చేశాక మిగిలిన ప్రశ్న, "ఎవరికి?" అన్నది. "రైతులందరికీ" అని రాయడం సులభం. కానీ అమ్మకాల పుస్తకం చూస్తే, వీరి దగ్గర ఏళ్ల తరబడి కొనేవారు పెద్ద కంపెనీ ఫారాలు కావు, సొంతంగానో కౌలుకో కొద్ది చెరువులు చేసే రైతులు. వారికి సొంత ల్యాబు ఉండదు, పిల్ల మంచిదో కాదో తేల్చుకునే దారి హేచరీ చెప్పే మాట ఒక్కటే. ఇది తేలాక వాక్యం తనంతట తానే వచ్చింది:

"సొంత ల్యాబు లేని నెల్లూరు తీరపు రొయ్య రైతుకు, అతని చెరువు నీటికి అలవాటు చేసిన, పరీక్ష ఫలితం అతని చేతికి ఇచ్చిన వనామి పిల్లను అందించడం మా పని."

ఇందులో ప్రతి భాగమూ ఏదో ఒక పనిని తప్పనిసరి చేస్తుంది. "అతని చేతికి" అన్న మాట డీలరుకు చెప్పి ఊరుకునే దారిని మూసేస్తుంది. "అతని చెరువు నీటికి" అన్నది ఆర్డరు తీసుకునేటప్పుడే ఉప్పదనం అడిగి రాసుకోమంటుంది. ఈ వాక్యాన్ని రైసు మిల్లుకు తగిలించడం కుదరదు, పక్క హేచరీకి తగిలించాలన్నా ముందు వారు తమ పద్ధతి మార్చుకోవాలి.

ఒక విలువ ఎన్ని రూపాలు మారింది

ఐదు విలువల స్థానంలో చివరకు మూడు మిగిలాయి. వాటిలో "నాణ్యత" ప్రయాణాన్ని మాత్రమే పూర్తిగా చెబుతాను, కష్టమంతా అక్కడే ఉంది.

మొదటి చిత్తు ప్రతి ఇలా ఉండేది: "మేము వ్యాధి రహిత పిల్లను మాత్రమే అమ్ముతాము." వినడానికి స్పష్టంగా ఉంది, కానీ నిలబెట్టుకోలేని మాట. ఒక ట్యాంకులో లక్షల పిల్ల ఉంటుంది, పరీక్షకు వెళ్లేది అందులో కొద్ది నమూనా మాత్రమే. నూటికి రెండు పిల్లల్లో జబ్బు ఉన్నప్పుడు, దాన్ని 95 శాతం నమ్మకంతో పట్టుకోవాలంటే సుమారు 150 పిల్లలను యాదృచ్ఛికంగా తీయాలి. అదే జబ్బు నూటికి ఒక్క పిల్లలోనే ఉంటే, అదే 150 నమూనాలో ఒక్కటీ చిక్కకుండా పోయే అవకాశం ఐదింట ఒక వంతుకు పైనే ఉంటుంది. అంటే నెగటివ్ రిపోర్టు "లేదు" అని చెప్పదు, "ఇంతకంటే ఎక్కువ ఉండే అవకాశం తక్కువ" అని చెబుతుంది. వ్యాధి రహితం అని రాసిన కంపెనీ మొదటి చెడ్డ పంటతోనే అబద్ధాలకోరు అవుతుంది, ఆ తరువాత సిబ్బంది ఆ ప్రకటనలో ఏ వాక్యాన్నీ నమ్మరు.

రెండవ చిత్తు ప్రతి అటు చివరకు పోయింది: "ప్రతి ట్యాంకునూ ప్యాకింగ్‌కు ముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తాము." ఇది నిలబెట్టుకోగల మాటే, కానీ పరీక్షలో పాజిటివ్ వస్తే ఏం చేస్తారో చెప్పదు. తగాదా జరిగిన ఆ రెండు ట్యాంకులకూ పరీక్ష జరిగే ఉంది కదా. విలువను చర్యగా మార్చమని సలహా ఇచ్చేవారు తరచు ఇక్కడే ఆగిపోతారు. చర్య రాసినంత మాత్రాన చాలదు, దాని ఫలితం మనకు నచ్చనప్పుడు ఏం వదులుకుంటామో కూడా రాయాలి.

చివరి రూపం ఇది: "ప్రతి ట్యాంకు నుంచీ ప్యాకింగ్‌కు ముందు 150 పిల్లలకు తగ్గకుండా తీసి, తెల్లమచ్చ వైరస్‌కు, ఈహెచ్‌పీకి పీసీఆర్ చేయిస్తాము. ఏ ఒక్కటి కనబడినా, ఎంత స్వల్పమైనా, ఆ ట్యాంకును ఏ ధరకూ, ఎవరికీ అమ్మము. నెగటివ్ వచ్చినా జబ్బు అసలే లేదని రైతుకు చెప్పము, రిపోర్టు చేతికిచ్చి దాని అర్థం చెబుతాము." చివరి వాక్యాన్ని అమ్మకాల సిబ్బంది చాలా వ్యతిరేకించారు. పక్కవాళ్లు నూటికి నూరు శాతం గ్యారంటీ అంటుంటే మనం ఇలా చెబితే పిల్ల ఎవరు కొంటారన్నది వారి ప్రశ్న, అది న్యాయమైన ప్రశ్న కూడా. పెద్దాయన దానికి ఇచ్చిన జవాబు ఒక్కటే, "గ్యారంటీ అన్నవాడి దగ్గరే కదా రైతు పోయిన ఏడాది మోసపోయి మన దగ్గరికి వచ్చింది." వాక్యం ఉండిపోయింది.

మిగిలిన రెండింటిలో ఒకటి చెరువు ఉప్పదనానికి పిల్లను అలవాటు చేయకుండా పంపకపోవడం గురించి, రెండవది ట్యాంకు పారబోసినప్పుడు ఆర్డరు ఇచ్చిన రైతుకు అదే రోజు ఫోను చేసి నిజం చెప్పడం, అతడు వేరే చోట పిల్ల తెచ్చుకోదలిస్తే అడ్వాన్సు తిరిగి ఇవ్వడం గురించి. "జట్టుతత్వం", "నిరంతర అభివృద్ధి" అన్న మాటలకు ఒక్క సంఘటనా, ఒక్క కాగితమూ దొరకలేదు. వాటిని తీసేశాం.

మూడు విలువలు ఒకదానితో ఒకటి ఢీకొనే రోజు వస్తుంది, కాబట్టి వరుస కూడా ప్రకటనలో భాగమే. జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ 1943లో రాసుకున్న క్రెడో అనే విలువల ప్రకటనలో వైద్యులు, రోగులు, తల్లులు ముందు, ఉద్యోగులు, సమాజం ఆ తరువాత, వాటాదారులు చివరన ఉండటం దీనికి మంచి ఉదాహరణ. 1982లో ఆ సంస్థ నొప్పి మందు టైలనాల్ క్యాప్సూళ్లలో ఎవరో విషం కలిపినప్పుడు, అమెరికా అంతటి నుంచీ సీసాలను వెనక్కి తీసుకోవడాన్ని ఆ వరుసతో కలిపి చెప్పుకుంటారు. మా ప్రకటనలో పరీక్ష మొదటిది, ఉప్పదనం రెండవది, ఇచ్చిన తేదీ తప్పినప్పుడు రైతుకు నిజం చెప్పడం మూడవది. సీజనులో రోజూ ఎదురయ్యే ప్రశ్నకు, అంటే "రైతు ఈరోజే కావాలంటున్నాడు, ఏం చేయాలి?" అన్నదానికి, ఆ వరుసలోనే జవాబు ఉంది.

అమలుకు ముందు పరీక్ష

ప్రకటనను గోడ ఎక్కించే ముందు, గతంలో నిజంగా జరిగిన సందర్భాలను పేర్లు మార్చి కాగితం మీద రాసి, ఇద్దరు మేనేజర్లకూ, సీనియర్ టెక్నీషియన్లకూ విడివిడిగా ఇచ్చాం. కొత్త ప్రకటన మాత్రమే చూసి ఏం చేస్తారో రాయమన్నాం. జవాబులు కలిస్తే వాక్యం పనిచేస్తున్నట్టు, కలవకపోతే లోపం వాక్యానిదే కాని చదివినవారిది కాదు. పాజిటివ్ ట్యాంకు విషయంలో అందరి జవాబూ ఒకటే వచ్చింది. ఉప్పదనం దగ్గర మాత్రం చీలిపోయింది: అలవాటు చేయడం సగంలో ఉండగా, "నష్టం నాది, ఇచ్చేయండి" అని రైతే పట్టుబడితే? సగం మంది ఇస్తామన్నారు, సగం మంది ఇవ్వమన్నారు. చర్చించి, "రైతు కోరినా పంపము" అని చేర్చాం. ల్యాబు లేని రైతుకు ఆ నష్టం ఎంతో ముందే తెలియదు కాబట్టి అతని ఒప్పుకోలును ఆసరాగా తీసుకోకూడదన్నది కారణం. లక్ష్య వాక్యం స్పష్టంగా ఉండబట్టే ఆ చర్చ త్వరగా తేలింది.

ఇంకా ఒక అడ్డంకి మిగిలింది, అది మాటల్లో లేదు. మేనేజర్లకు సీజను చివర ఇచ్చే కమీషను బయటకు వెళ్లిన పిల్ల లెక్క మీద ఉండేది. ట్యాంకు పారబోసినవాడు తన జేబులోంచే కొంత పారబోసినట్టు. ఆ పద్ధతి అలాగే ఉంచి గోడ మీద ఏమి రాసినా, చేతికి వచ్చే డబ్బు చెప్పేదే నడుస్తుంది. ప్రకటన విడుదలకు ముందే కమీషను లెక్క మార్చాలని, లేదంటే విడుదల వాయిదా వేయాలని నేను షరతు పెట్టాను. పరీక్షలో పాజిటివ్ వచ్చి పారబోసిన ట్యాంకును సగటు దిగుబడితో అమ్మినట్టే లెక్కించి కమీషను ఇవ్వాలని నిర్ణయమైంది. దీనిలోనూ ఒక ప్రమాదం ఉంది, చేతకానితనం వల్ల పోయిన ట్యాంకును జబ్బు పేరుతో రాసుకోవచ్చు. అందుకే బయటి ల్యాబు రిపోర్టు ఉన్న ట్యాంకులకే ఇది వర్తిస్తుంది.

తరువాతి సీజనులో ఒక వాక్యం ఇబ్బంది పెట్టింది. "అదే రోజు ఫోను" అన్నది డీలరు ద్వారా వచ్చిన ఆర్డర్లలో కుదరలేదు, ఎందుకంటే రైతు నంబరు హేచరీ దగ్గర ఉండేది కాదు, డీలర్లు ఇవ్వడానికి ఇష్టపడలేదు, తమను దాటి నేరుగా అమ్ముతారన్న భయంతో. దాని కోసం ఆర్డరు ఫారంలో రైతు పేరు, నంబరు, చెరువు ఉప్పదనం లేకపోతే ట్యాంకు కేటాయించకూడదని నియమం పెట్టారు, ఆ రైతుకు నేరుగా పిల్ల అమ్మబోమని డీలరుకు రాతపూర్వకంగా ఇచ్చారు. కొందరు డీలర్లు ఒప్పుకున్నారు, కొందరు వేరే హేచరీకి వెళ్లిపోయారు.

ప్రకటనలో లేని విషయం ఒకటి ఉంది. పంట పోయిన రైతు బాకీ గురించి అన్నదమ్ములిద్దరికీ ఏకాభిప్రాయం కుదరలేదు. పెద్దాయన చాలామందికి గడువు ఇస్తూ వచ్చారు, కొందరికి వదిలేశారు కూడా, చిన్నాయన మాత్రం అది మనిషిని బట్టి జరుగుతోందని, నియమంగా రాయలేమని అన్నారు. రిజిస్టరు చూస్తే చిన్నాయన మాటే నిజం. అందువల్ల ఆ విషయం మీద వాక్యం రాయలేదు. ఇద్దరూ కలిసి ఒక పద్ధతి పెట్టుకుని కొన్ని సీజన్లు దాన్ని నడిపితే, అప్పుడు నాలుగవ విలువగా చేర్చడానికి కాగితాలు ఉంటాయి.